పొద్దున కొట్టిన రసీదులు ఉన్నయా, పోయినయా? సర్వర్ మెసేజ్‌ను కౌంటర్ భాషలోకి మార్చడం

పరీక్ష ఫీజుకు ఆఖరి రోజు. హన్మకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ, దానికి జనగామలో ఒక బ్రాంచి, పరకాలలో ఒక బ్రాంచి. మూడు చోట్లా రసీదులు కొట్టేది ఒకే సాఫ్ట్‌వేర్‌లో. దాన్ని నడిపేది హైదరాబాద్‌లోని ఒక కంపెనీ. కాలేజీ ఆఫీసు పనులు చూసేది నేనే కాబట్టి ఆ కంపెనీ హెల్ప్ డెస్క్ మెసేజ్‌లు నా ఫోన్‌కే వస్తాయి. పొద్దున పదకొండు దాటింది, క్యూ గేటు దాకా ఉంది. అప్పుడు ఇది వచ్చింది:

```
Status: Identified
Primary DB down. Failed over to replica.
App in read-only mode.
Writes 05:12-05:25 may not have replicated.
ETR 07:30 UTC
```

టెన్షన్‌లో ఉన్నాను. చదివీ చదవకుండా స్టాఫ్ వాట్సాప్ గ్రూపులోకి ఫార్వర్డ్ చేశాను. పది నిమిషాల్లో మూడు చోట్ల మూడు రకాలుగా జరిగింది. హన్మకొండ కౌంటర్‌లో సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటోంది, విద్యార్థి పేరు కొడితే వివరాలు వస్తున్నాయి. కాబట్టి బాగానే ఉందనుకుని సేవ్ బటన్ మీద నొక్కుతూనే ఉన్నారు. పరకాలలో 07:30 చూసి, రాత్రి ఏడున్నరకు గానీ రాదని కౌంటర్ మూసేశారు. జనగామలో ఇంకొంచెం ముందుకెళ్లి ఆలోచించారు. 05:12 అంటే తెల్లవారుజాము, అప్పటికి ఆఫీసే తెరవలేదు, కాబట్టి మన రసీదులకు ఏం కాలేదని తేల్చుకున్నారు.

హన్మకొండ క్యాషియరమ్మ ఫోన్ చేసింది. "అవన్ని నాకెందుకు సార్. పొద్దున కొట్టిన రసీదులు ఉన్నయా, పోయినయా? మళ్ల కొట్టాల్నా, వద్దా?"

నిజానికి ఆ మెసేజ్‌లో ఒక్క తప్పు కూడా లేదు. అది యంత్రం ఎలా ఉందో చెప్పింది. ఆమె అడిగింది తన పని ఏమైందని. మొదటిదాన్ని రెండోదిగా మార్చాలంటే ఇంగ్లిష్ మాటలకు తెలుగు మాటలు పెడితే సరిపోదు. ఎందుకో ఆ మెసేజ్‌తోనే చూద్దాం.

## ఆ ఐదు లైన్లు చెప్పిన సంగతి

ఫీజు వివరాలన్నీ రాసి ఉండే పెద్ద పుస్తకం లాంటిది డేటాబేస్. అది పాడైతే ఇబ్బంది కాబట్టి పక్కనే ఇంకో కంప్యూటర్‌లో దాని నకలు పెడతారు. మొదటిది ప్రైమరీ, నకలు రెప్లికా. మనం సేవ్ నొక్కినప్పుడు రసీదు ముందు ప్రైమరీలోకి ఎక్కుతుంది. అక్కడి నుంచి నకలులోకి వెళ్తుంది. మామూలు రోజుల్లో ఈ రెండో పని క్షణంలో అయిపోతుంది. కానీ చాలా చోట్ల ప్రైమరీ నకలు కోసం ఆగదు. తనలో రాసుకోగానే "సేవ్ అయింది" అనేస్తుంది, రసీదు ప్రింట్ వచ్చేస్తుంది. పక్కన గుమాస్తా చూసి రాసుకుంటూ ఉంటాడన్నమాట. గుమాస్తా వెనకబడితే, అసలు పుస్తకంలో ఉన్నది నకలులో ఉండదు.

ఆ రోజు జరిగింది అదే. ఒక సమయం నుంచి నకలు వెనకబడింది. కాసేపటికి ప్రైమరీయే పడిపోయింది. కంపెనీవాళ్లు నకలును ముందుకు తెచ్చి దాని మీద సాఫ్ట్‌వేర్ నడిపించారు. ఫెయిలోవర్ అంటే అదే. లెక్క తేలేదాకా కొత్తగా ఏమీ రాయకుండా చూడటానికి మాత్రమే తెరిచి ఉంచారు. అది రీడ్ ఓన్లీ. అందుకే హన్మకొండలో వివరాలు కనిపించాయి, సేవ్ మాత్రం కాలేదు.

మిగిలింది నాలుగో లైను. ఆ మధ్యలో రాసినవి నకలులోకి ఎక్కి ఉండకపోవచ్చు అంటోంది. "ఉండకపోవచ్చు" అన్న మాటను మనవాళ్లు రెండే రకాలుగా చదువుతారు. భయపడేవాళ్లకు "లేవు" అని వినిపిస్తుంది. ధైర్యస్తులకు "ఏం కాదులే" అని వినిపిస్తుంది. ఇంజినీరు మాత్రం ఆ రెండూ అనలేదు. కొన్ని ఎక్కాయేమో, ఏవి ఎక్కాయో ఇంకా చూడలేదు అన్నాడు. ఇలాంటి మాటను నోటీసులో ఒకే వాక్యంగా పెట్టకుండా రెండుగా విడగొట్టడం మేలు. తెలిసింది ఇది, తెలియనిది ఇది అని.

## 05:12 తెల్లవారుజాము కాదు

జనగామవాళ్ల లెక్క తప్పడానికి కారణం చివరి లైనులో ఉన్న మూడక్షరాలు. UTC అంటే ప్రపంచమంతా ఉమ్మడిగా పాటించే సమయం. సర్వర్లు చాలావరకు దాన్నే రాసుకుంటాయి. మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. 05:12కు ఐదున్నర కలిపితే పొద్దున 10:42. 05:25 అంటే 10:55. 07:30 అంటే మధ్యాహ్నం ఒంటిగంట. మెసేజ్‌లో UTC అని ఒక్క చోటే రాసినా అది పైనున్న సమయాలకూ వర్తిస్తుంది. ఆ సంగతి రోజూ ఇలాంటివి చదివేవాళ్లకు తప్ప తట్టదు.

అంటే తెల్లవారుజామున జరిగిందని వదిలేసిన ముచ్చట, సరిగ్గా క్యూ నిండా జనం ఉన్న పదమూడు నిమిషాలది. ఇక్కడ మాటలన్నీ చక్కటి తెలుగులోకి మార్చి, అంకెలు అలాగే వదిలేసి ఉంటే నోటీసు ఇంకా ప్రమాదకరం అయ్యేది. తెలుగులో ఉంది కాబట్టి అందరూ నమ్మేవాళ్లు.

## మెసేజ్‌లో లేనివి, ఫోన్‌లో తెలిసినవి

క్యాషియరమ్మ ప్రశ్నకు జవాబు ఆ మెసేజ్‌లో ఎక్కడా లేదు. అందుకే హెల్ప్ డెస్క్‌కు ఫోన్ చేసి, ఆమె అడిగిన మాటే అడిగాను. మళ్లీ కొట్టాలా, వద్దా?

ఇంజినీరు చెప్పిన దాంట్లో రెండు సంగతులు నేను ఊహించనివి. మొదటిది, పడిపోయిన ప్రైమరీలో ఆ పదమూడు నిమిషాల రసీదులు ఇంకా ఉండొచ్చు. దాన్ని లేపగలిగితే వాటిని తీసి నకలులోకి ఎక్కిస్తారు. ఈలోపు మనం కంగారుపడి మళ్లీ కొడితే, ఒకే విద్యార్థి పేరు మీద రెండు రసీదులు పడతాయి. కాబట్టి కనిపించకపోయినా కొట్టకూడదు.

రెండోది రసీదు నంబర్ల గొడవ. నకలులోకి ఎక్కిన ఆఖరి రసీదు 4187. కానీ మూడు కౌంటర్లలో కలిపి 4203 దాకా ప్రింట్లు బయటికి వెళ్లాయి, మధ్యలో పదహారు. సాఫ్ట్‌వేర్ మళ్లీ రాయడం మొదలుపెడితే, నకలుకు తెలిసిన ఆఖరి నంబరు 4187 కాబట్టి తర్వాతి రసీదుకు 4188 అనే వేస్తుంది. ఆ నంబరుతో ఇప్పటికే ఒక విద్యార్థి జేబులో కాగితం ఉంది. ఇద్దరు పిల్లలకు ఒకే నంబరు. నేను "మళ్లీ మొదలైతే నంబరు ఎక్కడి నుంచి వస్తుంది?" అని అడిగాక ఇంజినీరు కాసేపు ఆగి, 4301 నుంచి మొదలయ్యేలా పెడతానన్నాడు. సర్వర్ సంగతి ఆయనకు నాకంటే వందరెట్లు తెలుసు. కాగితం రసీదు సంగతి మాత్రం కౌంటర్ వైపు నుంచే రావాలి.

ఇంకో ప్రశ్న హెల్ప్ డెస్క్‌ది కానే కాదు. సాయంత్రం లోపు సాఫ్ట్‌వేర్ రాకపోతే ఈ రోజు వచ్చినవాళ్లకు ఆలస్య రుసుము పడుతుందా? దీనికి జవాబు చెప్పాల్సింది ప్రిన్సిపాల్ గారు. అడిగితే, చేతి రసీదు మీద ఉన్న తేదీనే లెక్కలోకి తీసుకుంటామన్నారు. ఆయనను అడగకుండా నా అంతట నేను "ఎవరూ కంగారుపడొద్దు" అని రాస్తే అది నా చేతిలో లేని హామీ.

## కౌంటర్‌కు వెళ్లిన నోటీసు

11:30కు గ్రూపులో పెట్టింది ఇది:

"ఫీజు సాఫ్ట్‌వేర్: కొత్త రసీదులు ఇప్పుడు సేవ్ కావు. సేవ్ నొక్కకండి, చేతి రసీదు బుక్కు వాడండి.

ఈ రోజు పొద్దున 10:42 నుంచి 10:55 మధ్య కొట్టిన రసీదులు సిస్టంలో ఉన్నాయో లేదో ఇంకా తెలియదు. కనిపించకపోయినా మళ్లీ కొట్టకండి. వాటి ఆఫీసు కాపీలు విడిగా తీసి పెట్టండి. 10:42 కంటే ముందు కొట్టినవి భద్రంగా ఉన్నాయి.

పాత రసీదులు, బకాయిలు చూడొచ్చు. యూపీఐలో కట్టినవాళ్ల చేతి రసీదు మీద 12 అంకెల యూటీఆర్ నంబరు రాయండి. చేతి రసీదు తేదీకే ఫీజు కట్టినట్టు లెక్క, ఆలస్య రుసుము ఉండదని ప్రిన్సిపాల్ గారు చెప్పారు.

మధ్యాహ్నం ఒంటిగంటకు వస్తుందని కంపెనీ అంచనా. ఏమీ మారకపోయినా 12:15కు ఇక్కడ మళ్లీ రాస్తాను. కారణం: ఫీజు వివరాలు ఉండే ప్రధాన కంప్యూటర్ ఆగిపోయింది."

వరుస గురించి ఒక మాట. కారణం అట్టడుగున ఉంది. మామూలుగా మన నోటీసులు "సాంకేతిక కారణాల వల్ల" అని మొదలై "చింతిస్తున్నాము" అని ముగుస్తాయి, మధ్యలో ఏమీ ఉండదు. చింతించడంలో కాజీపేట జంక్షన్‌ను మించింది లేదు గానీ, అక్కడ కూడా ముందు బండి నంబరు, ఎంత ఆలస్యమో చెప్పి, ఆ తర్వాతే చింతిస్తారు. ఫోన్ తాళం వేసి ఉన్నప్పుడు తెర మీద కనిపించేది వాట్సాప్ మెసేజ్‌లో మొదటి ఒకటి రెండు లైన్లే. నోట్లు లెక్కపెడుతున్న మనిషి కంట పడేది అంతే. ఆ లైన్లలో "సేవ్ నొక్కకండి" ఉంటే చాలు.

యూటీఆర్ నంబరు ఎందుకంటే, గోడ మీది క్యూఆర్ కోడ్‌తో కట్టిన డబ్బుకూ మా ఫీజు సాఫ్ట్‌వేర్‌కూ సంబంధం లేదు. డబ్బు బ్యాంకు ఖాతాకు వెళ్లిపోతూనే ఉంటుంది. తర్వాత ఎవరిది ఏదో కలపాలంటే ఆ నంబరు ఒక్కటే ఆధారం.

## "మానిటరింగ్" దగ్గర నేను చేసిన పొరపాటు

కంపెనీలు ఇలాంటి సమాచారాన్ని సాధారణంగా నాలుగు మెట్లుగా ఇస్తాయి. ఇన్వెస్టిగేటింగ్ అంటే ఏదో జరిగింది, ఏమిటో చూస్తున్నాం. ఐడెంటిఫైడ్ అంటే కారణం దొరికింది, ఇంకా బాగుచేయలేదు. మానిటరింగ్ అంటే బాగుచేశాం, నిలబడుతుందో లేదో గమనిస్తున్నాం. రిజాల్వ్‌డ్ అంటే అయిపోయింది. రెండో మెట్టు చాలామందిని మోసం చేస్తుంది, కారణం దొరికితే సగం అయినట్టే అనిపిస్తుంది కాబట్టి. నన్ను మోసం చేసింది మూడోది.

```
Monitoring: writes re-enabled. Backfill in progress.
```

1:20కి వచ్చింది. నేను వెంటనే "సాఫ్ట్‌వేర్ వచ్చేసింది, రసీదులు కొట్టొచ్చు" అని రాశాను. మొదటి సగం అర్థం చేసుకుని రెండో సగం వదిలేశాను. బ్యాక్‌ఫిల్ అంటే పాత ప్రైమరీలో దొరికిన రసీదులను ఇప్పుడు ఎక్కిస్తున్నారని. అంటే కొత్తవి కొట్టొచ్చు, ఆ పదహారు మాత్రం ఇంకా ముట్టుకోకూడదు. పొద్దుటి నోటీసులో "మళ్లీ కొట్టకండి" అని ఉంది కదా అనుకున్నాను. కానీ కొత్త నోటీసు రాగానే పాతది చెరిగిపోతుంది. "రసీదులు కొట్టొచ్చు" అన్న మాటకు జనగామలో "అవీ కొట్టొచ్చు" అనే అర్థం తీసుకున్నారు. విడిగా పెట్టిన ఆఫీసు కాపీలు ముందేసుకుని ఐదు రసీదులు మళ్లీ కొట్టేశారు. అరగంటలో అసలువి కూడా వచ్చి చేరాయి.

ఇది ఎలా బయటపడిందంటే, సాయంత్రం జనగామ డేబుక్ మొత్తం కంటే గల్లాలో నగదు, బ్యాంకులో పడ్డ డబ్బు కలిపినా సరిగ్గా ఐదు రసీదుల మేర తక్కువొచ్చింది. డబ్బు తక్కువొస్తే ముందు క్యాషియర్ మీదికే చూపులు పోతాయి. పాపం ఆయన రాత్రి ఎనిమిది దాకా నోట్లు లెక్కపెట్టాడు. రాయాల్సింది ఇలా: "కొత్త రసీదులు ఇప్పుడు కొట్టొచ్చు. పొద్దున 10:42–10:55 మధ్యవి మాత్రం ఇంకా కొట్టకండి, కంపెనీ వాటిని ఎక్కిస్తోంది." ఆంక్ష ఇంకా ఉంటే ప్రతి నోటీసులోనూ దాన్ని మళ్లీ రాయాలి.

## టైం చెప్పాలా, వద్దా

ETR అంటే సేవ తిరిగి రావడానికి అంచనా సమయం. దీన్ని స్టాఫ్‌కు చెప్పాలా అన్న దాని మీద రెండు వాదనలున్నాయి. చెప్పకపోతే, ఊరి నుంచి బస్సెక్కి వచ్చిన తండ్రికి ఆగమనాలో పొమ్మనాలో కౌంటర్‌వాళ్లకు తెలియదు. చెప్పి తప్పితే, రెండోసారి ఏం చెప్పినా నమ్మరు.

అంచనాలు తప్పేది చేతగాని కంపెనీల్లోనే అనుకోవద్దు. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో 2018 అక్టోబరు 21న, UTC ప్రకారం 22:52కు, అమెరికా తూర్పు తీరంలోని రెండు కేంద్రాల మధ్య 43 సెకన్లు సంబంధం తెగింది. మన గడియారంలో అది 22వ తేదీ తెల్లవారుజాము 4:22. ఆ కాసేపట్లో తూర్పు తీరంలో రాసింది పశ్చిమ తీరంలోని కేంద్రానికి చేరలేదు, తర్వాత కొత్త రాతలు పశ్చిమ తీరంలో పడ్డాయి, అలా రెండు వైపులా వేర్వేరు రాతలు మిగిలాయి. వాటిని సరిచేసి సేవలు మామూలుగా అయ్యేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. డేటా పోకుండా చూడటానికే ఎక్కువసేపు ఆగామని వాళ్లు తర్వాత విడుదల చేసిన నివేదికలో రాశారు. మధ్యలో తాము బయటికి చెప్పిన అంచనాలు అన్ని విషయాలనూ లెక్కలోకి తీసుకోలేదని కూడా ఒప్పుకున్నారు. 43 సెకన్లకు ఒక రోజు పట్టినప్పుడు, పదమూడు నిమిషాల తేడాకు "ఒంటిగంట" అన్నది మాట ఇవ్వడం కాదు, ఆశ.

అందుకే నాకు మధ్యేమార్గం నచ్చుతుంది. కంపెనీ అంచనాను కంపెనీ అంచనాగానే చెప్పడం, దాని పక్కన మన చేతిలో ఉన్న సమయం ఒకటి పెట్టడం. 12:15కు మళ్లీ రాస్తానన్నది నేను నిలబెట్టుకోగల మాట. ఆ సమయానికి "కొత్త సంగతి లేదు" అని రాసినా ఫోన్లు తగ్గాయి.

## పొట్టిగా రాసేవాళ్ల వైపు నుంచి

ఇంజినీర్లకు రాయడం రాదని అనడం సులువు. వాళ్ల మాట కూడా వినాలి. ఆ ఐదు లైన్లు రాసేటప్పుడు ఆయన ఒక చేత్తో సర్వర్ లేపుతున్నాడు. ఆ మెసేజ్ మా ఒక్క కాలేజీకే కాదు, వాళ్ల కస్టమర్లందరికీ, వాళ్ల సొంత టీముకూ వెళ్తుంది. టీములో తర్వాతి షిఫ్టువాళ్లకు "రీడ్ ఓన్లీ" అన్న రెండు మాటల్లో ఉన్న ఖచ్చితత్వం "కొత్త రసీదులు సేవ్ కావు" లో ఉండదు. ఇంకో కస్టమర్ దగ్గర రసీదులే ఉండకపోవచ్చు.

మధ్యలో ఒక మనిషి కూర్చుని మార్చి రాస్తే ఆలస్యం అవుతుంది, కొత్త తప్పులు దొర్లుతాయి అని కూడా అంటారు. నా 1:20 నోటీసే దానికి సాక్ష్యం. అయినా నాకు తోచేది, కౌంటర్ పని తెలిసిన మనిషే మార్చి రాయాలని, పోస్ట్ చేసే ముందు ఇంజినీరుకు ఒకసారి చదివి వినిపించాలని. ఆ రోజు 1:20 నోటీసును ఫోన్‌లో చదివి వినిపించి ఉంటే "ఆ పదహారు వద్దని చెప్పారా?" అని ఆయనే అడిగేవాడు.

## "మా దగ్గర పనిచేస్తోంది"

అదే మధ్యాహ్నం హన్మకొండ కౌంటర్‌లో రసీదు సేవ్ అవుతోంది గానీ ప్రింట్ బటన్ కనిపించడం లేదు. టికెట్ పెడితే జవాబు ఇలా వచ్చింది: `Cleared cache. Working at our end. Closing.` క్యాషియరమ్మకు ఇది "నువ్వు అబద్ధం చెప్తున్నావ్" అన్నట్టుగా వినిపించింది. ఆ మాటకు అసలు అర్థం "నా సీటు నుంచి చూస్తే నాకు ఆ సమస్య కనిపించలేదు" అని మాత్రమే.

ఇక్కడ అడగాల్సింది ఒక్కటే. ఏ లాగిన్‌తో చూశారు? వాళ్లు చూసింది అడ్మిన్ లాగిన్‌తో, దానికి అన్ని బటన్లూ ఉంటాయి. నకలు మీదికి మారినప్పుడు క్యాషియర్ లాగిన్‌కు ప్రింట్ అనుమతి పోయింది. టికెట్ మళ్లీ తెరిపించి ఆ సంగతి చెబితే ఐదు నిమిషాల్లో అయింది. కౌంటర్‌కు నేను రాసింది: "ప్రింట్ బటన్ రాకపోవడం మీ కంప్యూటర్ తప్పు కాదు, క్యాషియర్ లాగిన్‌లో అనుమతి పోయింది, ఇప్పుడు ఇచ్చారు. ఒకసారి బయటికి వచ్చి మళ్లీ లాగిన్ అవ్వండి."

## "రిజాల్వ్‌డ్" తర్వాత మిగిలిన పని

4:10కి ఆఖరి మెసేజ్ వచ్చింది. అందులో `Resolved` అన్న ఒక్క మాటే ఉంది. కంపెనీకి అక్కడితో అయిపోయింది. మా దగ్గర చేతి రసీదులు ఉన్నాయి, రెండుసార్లు పడ్డ ఐదు ఉన్నాయి, నంబర్లలో ఖాళీ ఉంది. ఏడాది చివర ఆడిటర్ వచ్చి 4204 నుంచి 4300 దాకా ఎక్కడని అడుగుతారు. జనగామ లెక్క తేలేసరికి రాత్రయింది కాబట్టి ఆఖరి నోటీసు మర్నాడు పొద్దున పెట్టాను:

"నిన్న 10:42–10:55 మధ్య కొట్టిన 16 రసీదులు, 4188 నుంచి 4203, అన్నీ సిస్టంలో ఉన్నాయి. పిల్లల దగ్గరున్న కాగితాలు చెల్లుతాయి.

జనగామలో మళ్లీ కొట్టిన ఐదు, 4301 నుంచి 4305, రద్దు చేశాం. క్యాషియర్ గారి లెక్కలో తేడా లేదు, పొరపాటు నా నోటీసుది.

4204 నుంచి 4300 దాకా నంబర్లు వాడలేదు. ఈ నోటీసు ప్రింట్ తీసి రసీదుల ఫైల్లో పెట్టండి.

చేతి రసీదులను ఈ రోజు సిస్టంలో ఎక్కించండి. తేదీ నిన్నటిదే వేయండి. ఎక్కించిన ప్రతి చేతి రసీదు మీద కొత్త నంబరు ఎర్ర పెన్నుతో రాయండి."